చిన్ని రేపు రాదు మేడమ్

ఊరంతా పడుకునే వేళకి టీచరు ఫోనుకి "రేపు మా పాప స్కూలుకి రాదు మేడమ్" అని మెసేజ్ పెట్టేవాళ్ళను ఈ మధ్య చాలామంది ఆడిపోసుకుంటున్నారు. వేళాపాళా లేదంటున్నారు. మర్యాద తెలియదంటున్నారు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆ మెసేజే లేకపోతే ఈ సమాజం ఏమైపోయేదో ఎవరైనా ఆలోచించారా?

నేను ఆలోచించాను. ఆ వేళకి నాకు వేరే పనేమీ ఉండదు, నిద్ర ఎలాగూ పట్టదు.

నా అర్హతలు అడుగుతారేమో, చెప్పేస్తాను. మా ఆవిడ నాలుగో తరగతికి క్లాస్ టీచరు. నేను ఆ క్లాస్ టీచరు ఫోను పక్కన పడుకునే మనిషిని. మా ఇద్దరి దిండ్ల మధ్య ఆ ఫోను చంటిపిల్లలా పడుకుంటుంది. చంటిపిల్లలాగే ఏ రాత్రికో లేస్తుంది. ఒకసారి లేచిందంటే మిగతావాళ్ళను కూడా లేపుతుంది.

దీనివల్ల మా కుటుంబానికి కలిగిన మేలు అంతా ఇంతా కాదు. బెడ్ లైట్ కొనే అవసరం రాలేదు. వైద్య పరిజ్ఞానం పెరిగింది. ఏ దద్దురు అమ్మవారో, ఏది చీమ కుట్టిందో ఇప్పుడు నేను ఫొటో చూసి చెప్పగలను. భోజనాల వేళ ఒక తండ్రి పంపిన వాంతి ఫొటో చూశాక నా బరువు కూడా కాస్త తగ్గింది. నిజంగా వాంతయిందని రుజువు ఉండాలి కదండీ, టీచరు నమ్మొద్దూ?

ఇక సాహిత్య విలువలంటారా? కొందరు "హాయ్ మేడమ్" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకుంటారు. మా ఆవిడ "చెప్పండి" అనేదాకా అవతల నిశ్శబ్దం. తర్వాత "పడుకున్నారా మేడమ్?" అని వస్తుంది. పడుకున్న మనిషి ఈ ప్రశ్నకి ఏమని జవాబివ్వాలో తత్త్వవేత్తలు తేల్చాలి. అసలు విషయం మూడో మెసేజ్‌లో గానీ రాదు. ఇంకొందరు వాయిస్ మెసేజ్ పెడతారు. అందులో టీవీ మోగుతుంటుంది, వెనక నుంచి అత్తగారు "కడుపునొప్పని చెప్పు, పెళ్ళికని చెప్పకు" అని అందిస్తుంటుంది. మెసేజ్ పెట్టి, వెంటనే చెరిపేసేవాళ్ళు వేరే జాతి. "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న గీత మాత్రం మిగులుతుంది. పాప వస్తుందా, రాదా? సస్పెన్స్‌తో తెల్లారుతుంది.

ఒకరికి చెప్పాల్సింది క్లాస్ గ్రూపులో పడేసేవాళ్ళ ఔదార్యాన్ని ఎంత పొగిడినా తక్కువే. "మావాడికి మోషన్స్" అని ఒకరు ప్రకటించగానే, తక్కిన తల్లిదండ్రులంతా పువ్వులూ దండాలూ పెడుతూ "గెట్ వెల్ సూన్" అంటారు. ఆ పూలతోట కింద ఇంకో ఇద్దరి సెలవు మెసేజ్‌లు కప్పబడిపోతాయి. వాటిని మా ఆవిడ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ తవ్వి తీస్తుంది.

పగటి మెసేజ్‌ల శోభ ఇంకో రకం. స్కూల్లో క్లాసు జరిగేటప్పుడు టీచర్ల ఫోన్లు స్టాఫ్ రూమ్ లాకర్లో ఉండాలి, అది రూలు. సరిగ్గా అప్పుడే "మేడమ్, తాతగారు వస్తున్నారు, బాబుని గేటు దగ్గర రెడీగా ఉంచండి" అని వస్తుంది. భోజనాల బెల్లు కొట్టాక ఆవిడ లాకరు తీసేసరికి, తాతగారు గేటు దగ్గర వాచ్‌మన్‌కి తన మోకాళ్ళ చరిత్ర మొత్తం చెప్పేసి ఉంటారు. మెసేజ్ చూడలేదేమని ఒక తల్లి నిలదీస్తుంది. ఎప్పుడైనా క్లాసులో ఫోను తీసి చూస్తే, "పాఠం చెప్పకుండా టీచరు ఫోను చూస్తోందట" అని ఇంకో తల్లి హెడ్ మాస్టారికి చెబుతుంది. కొన్నిసార్లు ఆ ఇద్దరు తల్లులూ ఒక్కరే.

ఇంతకీ ఈ మెసేజ్ ఎందుకు? ఇది చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు. పొద్దున మొదటి బెల్లు కొట్టగానే మా ఆవిడ హాజరు వేస్తుంది. రాని పిల్లల్లో రెండు రకాలుంటారు. ఇంట్లోవాళ్ళు ముందే చెప్పినవాళ్ళు, చెప్పనివాళ్ళు. ఆ వివరం వెంటనే ఆఫీసుకి వెళుతుంది. అక్కడ క్లర్కుగా ఉన్న పెద్దావిడ చెప్పనివాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసి "మీ పాప ఇవాళ రాలేదు, ఇంట్లోనే ఉందా?" అని అడుగుతుంది. చెప్పినవాళ్ళ ఇళ్ళకి చేయదు. అంతే సంగతి. ఇంటి దగ్గర బయల్దేరిన పిల్ల స్కూలుకి చేరకపోతే అరగంటలో తెలిసిపోవాలని ఈ ఏర్పాటు.

ఇంత పొడి విషయంలో సాహసానికి చోటెక్కడుంది అనుకుంటున్నారా? ఉంది. మొన్న మాకు దక్కింది.

మా ఆవిడ క్లాసులో ఇద్దరు చిన్నిలున్నారు. రిజిస్టరులో ఇద్దరికీ బారెడేసి పేర్లున్నాయి, కానీ ఇళ్ళలో ఇద్దరూ చిన్నే. అందుకని టీచర్లు ఒకర్ని ముందు బెంచీ చిన్ని అనీ, ఇంకొకర్ని కిటికీ చిన్ని అనీ అంటారు. ముందు బెంచీ చిన్ని నోరు మూతపడదు. కిటికీ చిన్ని నోరు తెరవదు, కిటికీలోంచి బయటికి చూస్తూ పాఠం వింటుంది. వాళ్ళమ్మ ఒక బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తుంది.

ఆ రాత్రి మేమిద్దరం నిద్రలో ఉండగా ఫోను వెలిగింది. పేరు లేని కొత్త నంబరు, ఫొటో స్థానంలో సూర్యాస్తమయం. "మేడమ్ చిన్నికి జ్వరం. రేపు రాదు." అంతే. ముందురోజు కిటికీ చిన్ని క్లాసులో దగ్గుతూ కూర్చుంది. పాపం ఆ పిల్లే అనుకుని, ఒంటికన్ను తెరిచి "ఓకే అండీ, టేక్ కేర్" అని కొట్టి మా ఆవిడ అటు తిరిగి పడుకుంది.

పొద్దున చూస్తే ఇద్దరు చిన్నిలూ రాలేదు. కిటికీ చిన్ని చెప్పి మానేసిందనీ, ముందు బెంచీ చిన్ని చెప్పకుండా మానేసిందనీ రాసి ఆవిడ ఆఫీసుకి పంపింది. క్లర్కు ముందు బెంచీ చిన్ని ఇంటికి ఫోన్ చేసింది.

"రాత్రే మెసేజ్ పెట్టాం కదండీ. మా ఆయన కొత్త నంబర్నించి పెట్టారు. మేడమ్ ఓకే అని రిప్లై కూడా ఇచ్చారు. మీలో మీరు మాట్లాడుకోరా?" అని ఆ తల్లి గట్టిగానే వేసుకుంది.

"సారీ అమ్మా" అని క్లర్కు టిక్కు పెట్టేసింది. ఆవిడ దృష్టిలో ఆ రోజు లెక్క సరిపోయింది. మా ఆవిడ క్లాసులో భిన్నాలు చెబుతోంది. ఫోను లాకర్లో ఉంది.

ఇంటర్వెల్‌లో ఇద్దరూ మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర కలిశారు.

"మీరు రాత్రి ఓకే అంటారు, పొద్దున తిట్లు నాకు తినిపిస్తారు. ఇదేం న్యాయం మేడమ్?" అంది క్లర్కు.

"ఎవరు తిట్టారండీ?"

"ముందు బెంచీ చిన్ని వాళ్ళమ్మ. జ్వరమని రాత్రే చెప్పారట కదా."

మా ఆవిడ గ్లాసు కిందపెట్టి, "మరి కిటికీ చిన్ని ఎక్కడుంది?" అంది.

క్లర్కు వెంటనే బట్టల షాపుకి ఫోన్ కలిపింది. అక్కడ కూడా పనివేళల్లో ఫోన్లు కౌంటర్లో పెట్టేయాలి. చాలాసేపు మోగాక ఎవరో తీసి, పిలిచి ఇచ్చారు.

"చిన్ని స్కూల్లోనే ఉంది కదండీ. నేనే వ్యాన్ ఎక్కించాను" అంది ఆ తల్లి. తర్వాత, "లేదా?" అంది.

ఆ "లేదా" అన్న మాట తన చెవిలో ఇంకా ఉందని మా ఆవిడ అంటుంది.

వ్యాన్ డ్రైవరు ఫోను ఎత్తడం లేదు. హెడ్ మాస్టారు గేటు దగ్గరికీ, ఆఫీసుకీ మధ్య తిరుగుతున్నారు. ఆ వ్యాన్లో వచ్చే ఇంకో పిల్లాడిని అడిగితే "చిన్ని వెనక సీట్లో పడుకుంది" అన్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. పిల్లల్ని దింపాక డ్రైవరు బండిని రిపేరుకి తీసుకెళతానన్నాడని వాచ్‌మన్‌కి గుర్తొచ్చింది. అతను ఎప్పుడూ వెళ్ళే మెకానిక్ షెడ్డు మా వీధి చివర ఉంది.

నేను ఇంట్లో కూర్చుని ఇలాంటి వ్యాసమే రాస్తున్నాను. మా ఆవిడ ఫోన్ చేసింది. క్లాసు వేళలో ఆవిడ నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఏమండీ, షెడ్డు దగ్గరికి పరిగెత్తండి. వ్యాన్లో పాప ఉందేమో చూడండి. ఎండగా ఉంది, అద్దాలు మూసి ఉంటే..."

పరిగెత్తాను. ఇంట్లో చెప్పులతో, అందులోనూ ఒకటి ఆవిడది. నన్ను ఎరిగున్నవాళ్ళు ఈ వాక్యాన్ని నమ్మరు. వీధి మలుపు తిరిగేదాకా నాకు ఒక్క జోకూ తోచలేదు.

వ్యాను షెడ్డు నీడలో, జాకీ మీద ఉంది. అద్దాలు దించి ఉన్నాయి. పక్కన పాత టైరు మీద కిటికీ చిన్ని కూర్చుని టిఫిన్ బాక్సు ఖాళీ చేస్తోంది. నేనూ ఇంకో టైరు మీద కూర్చున్నాను.

"జాకీ ఎక్కిస్తుంటే లోపల ఏడుపు వినపడింది సార్. గుండె ఆగినంత పనైంది" అన్నాడు మెకానిక్. "డ్రైవరేమో ఫోన్ బండిలోనే వదిలేసి స్పేర్ పార్టు కోసం పోయాడు. ఆ ఫోన్‌కేమో లాకు. ఈ బండిలో మూడు స్కూళ్ళ పిల్లలొస్తారు. ఏ స్కూలమ్మా అంటే 'మా స్కూలు' అంటది. బ్యాగులో ఐడీ కార్డు ఉంటది, ఇవ్వమ్మా అంటే తెలియనోళ్ళకి బ్యాగు ఇవ్వకూడదంట."

"పదమ్మా, స్కూలుకి వెళ్దాం" అన్నాను.

చిన్ని నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చెప్పుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"మీరెవరు?"

"మీ టీచర్ వాళ్ళాయన్ని."

"తెలియనివాళ్ళతో వెళ్ళొద్దని టీచర్ చెప్పారు."

ఫోన్ కలిపి ఆ పిల్ల చెవి దగ్గర పెట్టాను. అవతల మా ఆవిడ "చిన్నీ" అంది, తర్వాత గొంతు సవరించుకుంటూనే ఉంది. "టీచర్, మీకూ దగ్గా?" అని అడిగింది చిన్ని.

సాయంత్రం కిటికీ చిన్ని వాళ్ళమ్మ స్కూలుకి వచ్చింది. గొడవ పెట్టుకుంటుందని హెడ్ మాస్టారు మంచినీళ్ళూ, కుర్చీ సిద్ధంగా పెట్టించారు. ఆవిడ కూర్చోలేదు. పాపని దగ్గరికి లాక్కుని, "పొద్దున ఒక్క ఫోన్ చేసుంటే బాగుండేది మేడమ్" అని మాత్రం అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. మా ఆవిడ ఇంటికొచ్చి, బ్యాగు భుజానికి ఉండగానే మంచం మీద కూర్చుని ఏడ్చింది.

"ఏ చిన్ని అని ఒక్క మాట అడగాల్సిందండీ."

"మరి ఎందుకు అడగలేదు?"

"అంత రాత్రి వాళ్ళని ఏం లేపుతాంలే అనుకున్నాను."

చూశారా? ఈ మొత్తం వ్యవహారంలో మర్యాద పాటించింది ఒక్క మనిషి. తప్పు పట్టుబడింది కూడా ఆ మనిషి దగ్గరే. అందుకే నేను మర్యాదకి వ్యతిరేకిని.

మర్నాడు స్టాఫ్ మీటింగులో మా ఆవిడ లేచి నిలబడింది. సెలవు మెసేజ్‌లు టీచర్ల సొంత నంబర్లకి వద్దు, ఆఫీసుకి ఒక నంబరు పెట్టండి అంది. పాప పూర్తి పేరు, క్లాసు, సెక్షను, ఏ తేదీ, ఎందుకు రాదు అన్నవి ఒకే మెసేజ్‌లో ఉండాలి. రాత్రి భోజనాల వేళ దాటకముందే పెట్టాలి. తెల్లారి ఒంట్లో బాగాలేకపోతే మొదటి బెల్లుకి ముందు పెట్టాలి. బెల్లు కొట్టాక అయితే మెసేజ్ కాదు, ఫోన్ చేయాలి. మధ్యలో పిల్లల్ని తీసుకెళ్ళాలన్నా ఫోనే. గ్రూపులో మాత్రం పెట్టకూడదు, ఏ బిడ్డ కడుపు సంగతి ఊరందరికీ ఎందుకు? హెడ్ మాస్టారు ఒప్పుకున్నారు. భయపడిన మనిషి మంచి మాట త్వరగా ఒప్పుకుంటాడు.

తల్లిదండ్రులు కొత్త పద్ధతికి చక్కగా అలవాటుపడ్డారు. రాత్రి ఆఫీసు నంబరుకి మెసేజ్ పెట్టి, వెంటనే మా ఆవిడకి ఇంకోటి పెట్టేవారు: "మేడమ్, ఆఫీసుకి మెసేజ్ పెట్టాం. చూశారో లేదో కనుక్కుని చెప్తారా?" ఆవిడ దేనికీ జవాబివ్వలేదు. వేళ్ళు దురదపెట్టినా ఇవ్వలేదు. నెమ్మదిగా ఆ వాన తగ్గింది. మా పడకగది చీకటయింది. ఫోను హాల్లో టీవీ పక్కన పడుకోవడం నేర్చుకుంది. మేమిద్దరం పెళ్ళయిన కొత్తలో లాగా ఏం మాట్లాడుకోవాలో తెలియక కాసేపు ఇబ్బంది పడ్డాం కూడా.

ఇక్కడితో కథ సుఖాంతమని ముగించి పెన్ను మూసేయవచ్చు. కానీ నిన్న మా ఆవిడకి జ్వరం వచ్చింది.

వణుకుతూ దుప్పటి కప్పుకుని, ఫోను తీసుకుంది.

"హెడ్ మాస్టారికి రేపు రానని మెసేజ్ పెట్టేయ్. ఎంతమంది నీకు పెట్టలేదు?" అన్నాను.

"టీచర్లు మెసేజ్ పెడితే కుదరదండీ. ఫోన్ చేసి అడగాలి. నా పీరియడ్లు ఎవరు తీసుకుంటారో నేనే మాట్లాడి చెప్పాలి. ఏం చెప్పాలో రాసి పంపాలి. సైన్స్ టీచర్‌కి రేపు ఉన్నదే ఒక్క ఖాళీ పీరియడ్. అది అడిగితే ఆవిడ పరీక్ష పేపర్లు ఎప్పుడు దిద్దుకుంటుంది?"

"సరే, ఫోన్ చెయ్."

"ఈ వేళప్పుడా? ఆయన పడుకునుంటారేమో."

గోడ గడియారం చూశాను. భోజనాలు చేసి ఎంతోసేపు కాలేదు. పోనీ ముందు ఫోన్ చేయొచ్చా అని అడుగుదామని మెసేజ్ మొదలుపెట్టింది. "సార్, నమస్తే. ఒంట్లో కొంచెం" అని రాసింది. "కొంచెం" బాగాలేదని కొట్టేసింది. "బాగా" అని రాసి, అతిశయోక్తిగా ఉందని అదీ కొట్టేసింది. అంతలో హెడ్ మాస్టారే ఫోన్ చేశారు.

"ఏంటమ్మా, మీ దగ్గర్నుంచి ఇందాకట్నుంచీ టైపింగ్ టైపింగ్ అని వస్తోంది. మెసేజ్ మాత్రం రావట్లేదు. ఏమన్నా చెప్పాలా? రేపు ఇప్పటికే ఇద్దరు టీచర్లు లీవులో ఉన్నారు, నేనే రెండు క్లాసులు చూసుకోవాలి."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చేత్తో చెప్పెయ్, చెప్పెయ్ అన్నాను.

"ఏం లేదు సార్. రేపటి వర్క్‌షీట్లు జిరాక్స్ అయ్యాయా అని."

"అయ్యాయమ్మా. గొంతేంటి అలా ఉంది?"

"నిద్ర సార్."

ఇవాళ మాత్ర వేసుకుని స్కూలుకి వెళ్ళింది. కుర్చీలో కూర్చునే అన్ని పాఠాలూ చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చి పడుకుంటే నుదురు పెనంలా కాలుతోంది. ఒక్క రోజు మానడానికి నలభైమంది పిల్లలకి ఒక్క మెసేజ్ చాలు. వాళ్ళ టీచరుకి మాత్రం స్టాఫ్ రూమంతా దయతలచాలి. అలాంటప్పుడు ఈ మెసేజ్ సదుపాయాన్ని వరం అనక ఏమంటాం? వరాలు అందరికీ దక్కవు కదా.

ఇప్పుడే హాల్లో ఫోను మోగింది. ముందు బెంచీ చిన్ని వాళ్ళమ్మ. నేనే చదివి వినిపించాను.

"మేడమ్, ఇది లీవ్ మెసేజ్ కాదు, అది పూర్తి పేరుతో ఆఫీసుకి పెట్టేశాం. మీకు జ్వరమని పాప చెప్పింది. అంటుకుంటుందేమోనని రేపు పంపట్లేదు. మీరు మాత్రం లీవ్ పెట్టకండి ప్లీజ్, ఎల్లుండి టెస్ట్ ఉంది. రివిజన్ ఏం చేయించారో రేపు సాయంత్రం అడుగుతాను. టేక్ కేర్."

మా ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వాక కళ్ళు తుడుచుకుని, "పొద్దున్నే లేవాలి, ఆ అలారం గడియారం ఇటు పెట్టండి" అని అటు తిరిగి పడుకుంది.